ఆ 6.3ను ఎవరు పట్టుకున్నారు?

ఇంటి ముందు పోర్టికో ఒకటి అనుకోండి. రెండు పిల్లర్లు, వాటి తలల మీద ఒక బీము. పిల్లర్ల ఎత్తు 4 మీటర్లు, వాటి మధ్య దూరమూ 4 మీటర్లే. ఎడమ పిల్లరుకు ఒక మీటరు దూరంలో, పైనున్న మెట్లగది గోడను మోసే అడ్డబీము వచ్చి ఈ బీము మీద కూర్చుంది. అది దింపుతున్న బరువు 112 కిలోన్యూటన్లు, అంటే పదకొండు టన్నుల పైచిలుకు. గాలి లేదు, భూకంపం లేదు, పక్కనుంచి తోసేవాళ్లెవరూ లేరు. బరువు నిట్టనిలువుగా కిందికే దిగుతోంది. ఈ చట్రం పక్కకు ఒరుగుతుందా?

ఒరగదనుకునే నేను చదువుకునే రోజుల్లో ఈ లెక్క చేశాను. రెండు మూలల దగ్గరా లెక్క అణా పైసలతో సహా సరిపోయింది. మా మాస్టారు కాగితం అంతా చూసి, రెండు పిల్లర్ల అడుగునా నేను రాసిన అడ్డబలాలను పెన్సిలుతో చుట్టి, ఒకదాంట్లోంచి ఒకటి తీసేసి, పక్కన 6.3 అని రాశారు. "ఏమయ్యా, ఈ 6.3ను ఎవరు పట్టుకున్నారు?" అని అడిగారు. ఆ ప్రశ్నకు జవాబు వెతికితే స్లోప్ డిఫ్లెక్షన్ పద్ధతి మొత్తం బయటపడుతుంది. అందుకే ఆ లెక్కనే మళ్లీ మొదటినుంచి చేద్దాం.

ముందు పేర్లు పెట్టుకుందాం. ఎడమ పిల్లరు అడుగు ఏ, దాని తల బి. కుడి పిల్లరు తల సి, దాని అడుగు డి. ఏ, డి రెండూ పునాదిలో గట్టిగా బిగుసుకుని ఉన్నాయి. అక్కడ పిల్లరు కదలదు, తిరగదు. బి, సి మూలల్లో పిల్లరూ బీమూ ఒకే పోతలో కలిసిపోయాయి కాబట్టి వాటి మధ్య లంబకోణం లంబకోణంగానే ఉంటుంది. బరువుకి బీము వంగితే దాని కొస కాస్త తిరుగుతుంది, ఆ కొసతోపాటు పిల్లరు తలా అంతే తిరుగుతుంది. ఈ చట్రంలో మనకు తెలియనివి మూడే. బి మూల ఎంత తిరిగింది, సి మూల ఎంత తిరిగింది, బీము మొత్తంగా పక్కకు ఎంత జరిగింది. ఆ మూడోదాన్నే ఇంజనీర్లు స్వే అంటారు. మనం ఒరుగు అందాం. బీము పొడవు మారదనుకుంటాం కాబట్టి బి ఎంత జరిగితే సి కూడా అంతే జరుగుతుంది. అందుకే ఒరుగు రెండు పిల్లర్లకూ ఒకటే.

పానాతో నట్టు బిగించేటప్పుడు మన చెయ్యి దాని మీద ఒక తిప్పు వేస్తుంది. అదే మొమెంట్. బీము కొసనూ పిల్లరు కొసనూ వంచేది ఇలాంటి తిప్పే. దాన్ని కిలోన్యూటన్ మీటర్లలో కొలుస్తాం. గడియారం ముల్లు తిరిగే దిశలో ఉంటే కూడిక గుర్తు, ఎదురు దిశలో ఉంటే తీసివేత గుర్తు. ఈ ఒప్పందాన్ని చివరిదాకా మార్చకూడదు.

ఏ కడ్డీకైనా ఒక కొసన ఉండే మొమెంట్‌ను చెప్పే సూత్రం ఇది:

```
M = (2EI/L) (2θ1 + θ2 − 3Δ/L) + MF
```

E అనేది కాంక్రీటు ఎంత గట్టిదో చెబుతుంది, I ఆ కడ్డీ అడ్డుకోత ఎంత వంగనిదో చెబుతుంది, L పొడవు. θ1 మనం చూస్తున్న కొస తిరిగిన కోణం, θ2 అవతలి కొస తిరిగిన కోణం. మన కొస తిరుగుడు ప్రభావం రెండింతలు, అవతలిది ఒక్కింత. Δ అంటే ఒక కొసతో పోల్చితే రెండోది కడ్డీకి అడ్డంగా జరిగిన దూరం. చివరి MF, కొసలు రెండూ కదలకుండా బిగించి ఉంటే పైబరువు వల్ల వచ్చే మొమెంట్.

ఆ 3 ఎక్కడినుంచి వచ్చిందని చాలామంది అడగరు, బట్టీ పట్టేస్తారు. నిజానికి అది కొత్త అంకె కాదు. పిల్లరు తల Δ మేర జరిగితే, అడుగునూ తలనూ కలిపే సరళరేఖ Δ/L అంత వాలుతుంది. ఆ వాలిన రేఖ మీద నిలబడి చూస్తే, తిరగని కొసలు రెండూ అంతే కోణం వెనక్కి తిరిగినట్టు కనిపిస్తాయి. మన కొసకు రెండింతలు, అవతలి కొసకు ఒక్కింత, కలిపితే మూడు. వెనక్కి కాబట్టి తీసివేత గుర్తు. ఇది అర్థమయ్యాక సూత్రం మరచిపోవడం కష్టం.

మన చట్రంలో మూడు కడ్డీల పొడవూ 4 మీటర్లే, మందమూ ఒకటే అనుకుందాం. అప్పుడు 2EI/L అన్నిటికీ సమానం. దాన్ని లోపల కలిపేసుకుని బి తిరుగుడును b అనీ, సి తిరుగుడును c అనీ, 3Δ/L భాగాన్ని s అనీ రాస్తే లెక్క తేలికవుతుంది. 112 కిలోన్యూటన్ల బరువు బి నుంచి 1 మీటరు, సి నుంచి 3 మీటర్ల దూరంలో ఉంది. బిగించిన కొసల దగ్గర అది తెచ్చే మొమెంట్లు బి వైపు 112×1×9/16, అంటే 63, సి వైపు 112×1×3/16, అంటే 21. బి దగ్గర గుర్తు తీసివేత, సి దగ్గర కూడిక.

```
M_AB = b − s
M_BA = 2b − s
M_BC = 2b + c − 63
M_CB = b + 2c + 21
M_CD = 2c − s
M_DC = c − s
```

బీముకు సంబంధించిన నడిమి రెండు వరసల్లో s లేదని గమనించండి. బి, సి రెండూ పక్కకే జరిగాయి తప్ప ఒకటి పైకీ ఒకటి కిందికీ పోలేదు. బీము పక్కకు జరిగినా వాలలేదు. ఒరుగు పిల్లర్లకే అంటుకుంటుంది. బీముకూ s తగిలించడం పరీక్షల్లో తరచూ జరిగే పొరపాటు.

ఇప్పుడు మూలల దగ్గరి న్యాయం. బి దగ్గర పిల్లరు కొస మొమెంటూ బీము కొస మొమెంటూ కలిపితే సున్నా కావాలి. కాకపోతే ఆ మూల బొంగరంలా తిరుగుతూనే ఉండాలి. సి దగ్గరా అంతే. వీటినుంచి రెండు సమీకరణాలు వస్తాయి:

```
4b + c − s = 63
b + 4c − s = −21
```

తెలియనివి మూడు, సమీకరణాలు రెండు. ఇక్కడే నేను తప్పటడుగు వేసింది. పక్కనుంచి తోసేది లేదు కదా అని s సున్నా అనేశాను. అలా అంటే b 18.2, c −9.8 వస్తాయి. బి మూలలో పిల్లరు కొసన 36.4, బీము కొసన −36.4. సి మూలలో 19.6, −19.6. రెండు మూలలూ చక్కగా కుదిరాయి. ఏ అడుగున 18.2, డి అడుగున −9.8. తప్పున్నట్టు మూలలు ఏ గుర్తూ ఇవ్వవు.

తప్పు పిల్లర్లలో దాక్కుని ఉంది. ఒక పిల్లరును పైనా కిందా కోసి విడిగా గాల్లో నిలబెట్టినట్టు ఊహించండి. దాని రెండు కొసల్లో మొమెంట్లు దాన్ని ఒకవైపు తిప్పాలని చూస్తున్నాయి. అది తిరగకుండా ఆగాలంటే తల దగ్గర ఒకవైపు, అడుగున ఎదురు వైపు అడ్డబలం ఉండాలి. ఆ బలం విలువ, రెండు కొసల మొమెంట్ల మొత్తాన్ని ఎత్తుతో భాగిస్తే వస్తుంది. ఇంజనీర్లు దీన్ని షియర్ అంటారు. నా లెక్కలో ఎడమ పిల్లరుకు అది (18.2 + 36.4)/4, అంటే 13.65 కిలోన్యూటన్లు. పునాది ఆ పిల్లరును అంత బలంతో కుడికి నెడుతోంది. కుడి పిల్లరుకు (19.6 + 9.8)/4, అంటే 7.35. అక్కడి పునాది ఎడమకి నెడుతోంది. తేడా 6.3 కిలోన్యూటన్లు, కుడివైపుకి. బయటినుంచి అడ్డంగా ఏ బలమూ లేని చట్రాన్ని భూమి 6.3 కిలోన్యూటన్లతో కుడికి తోస్తోందన్నమాట. అలా జరగాలంటే ఎవరో బీము కొసన నిలబడి అంతే బలంతో ఎడమకి నెట్టి పట్టుకోవాలి. నేను s సున్నా అని రాసినప్పుడు నాకు తెలియకుండానే అక్కడ ఒక ముట్టు పెట్టాను. మాస్టారు అడిగింది ఆ ముట్టు గురించే.

ముట్టు లేదు కాబట్టి చట్రం కుడికి జరుగుతుంది. ఎంతదాకా? రెండు పిల్లర్ల షియర్లు ఒకదానినొకటి సరిగ్గా చెల్లించుకునేదాకా. ఇదే మూడో సమీకరణం. అంతస్తులో ఉన్న పిల్లర్లన్నిటినీ ఒకే కోతతో కోసి, పై భాగాన్ని విడిగా చూసి, దాని మీద అడ్డబలాల మొత్తం సున్నా అని రాయడం. దీనికే స్టోరీ షియర్ సమీకరణం అని పేరు.

```
(M_AB + M_BA)/4 + (M_CD + M_DC)/4 + H = 0
```

H అంటే బీము ఎత్తులో బయటినుంచి కుడివైపుకి తోసే బలం. మన లెక్కలో అది సున్నా. విలువలు పెడితే 3b + 3c − 4s = 0.

ఇక సాధించడం అయిదు నిమిషాల పని. మూడో సమీకరణం ప్రకారం s అంటే b, c ల మొత్తంలో ముప్పావు వంతు. మొదటి రెండింటినీ కూడితే 5(b + c) − 2s = 42. అందులో s పెడితే b + c = 12, s = 9. మొదటి రెండింటినీ ఒకదాంట్లోంచి ఒకటి తీసేస్తే b − c = 28. అంటే b = 20, c = −8. వరసగా మొమెంట్లు ఏ అడుగున 11, బి మూలలో పిల్లరుకు 31, బీముకు −31, సి మూలలో బీముకు 25, పిల్లరుకు −25, డి అడుగున −17. మూలలు కుదిరాయి. పిల్లర్ల షియర్లు 42/4, −42/4. రెండూ 10.5, ఎదురెదురుగా. ఇప్పుడు ఎవరూ ఏమీ పట్టుకోనక్కర్లేదు.

దీన్ని మరో దారిలోనూ సరిచూడొచ్చు. ఆ ముట్టు ఉన్న తప్పు లెక్కను అలాగే ఉంచి, తర్వాత ముట్టును లాగేశామనుకోండి. అంటే చట్రాన్ని 6.3 కిలోన్యూటన్లతో కుడికి తోసినట్టే. అదే మూడు సమీకరణాల్లో పైబరువు తీసేసి H = 6.3 పెడితే b, c రెండూ 1.8, s 9 వస్తాయి. పిల్లర్ల అడుగున రెండు చోట్లా −7.2. పాత 18.2కు దీన్ని కలిపితే 11. పాత −9.8కి కలిపితే −17. అవే అంకెలు. నాకు ఈ లెక్కలో అన్నిటికంటే ఇష్టమైన చోటు ఇది. ఎందుకంటే ఒరుగు అనేది ఎక్కడో సూత్రంలో పుట్టిన అంకె కాదని, ముట్టు తీసిన చట్రం నిజంగా చేసే పని అని ఇక్కడ కంటికి కనిపిస్తుంది.

ఇంతకీ చట్రం ఎంత జరిగింది? పిల్లర్లూ బీమూ 300 మిల్లీమీటర్ల చదరం అనుకుందాం. కాంక్రీటు ఎం25. ఐఎస్ 456 చెప్పే లెక్కన దాని E విలువ 25,000 మెగాపాస్కల్స్. అప్పుడు s = 9 అంటే బీము కుడికి జరిగిన దూరం సుమారు 1.4 మిల్లీమీటర్లు. కంటితో చూసి ఎవరూ కనిపెట్టలేరు. ఆ మాత్రం కదలిక కుడి పిల్లరు అడుగున మొమెంట్‌ను 9.8 నుంచి 17కు పెంచింది. నా మొదటి లెక్కను నమ్మి డి దగ్గర కడ్డీలు వేసుంటే, కావలసిన దానిలో అరవై శాతం మొమెంట్‌కే వేసినట్టు. ఏ దగ్గర మాత్రం అవసరానికి మించి 18.2కు వేసేవాళ్లం. ఇనుము అంతా ఖర్చయ్యేది, కాకపోతే తప్పు పిల్లరులో.

మనం పట్టించుకోని సంగతులు కొన్ని ఉన్నాయి, వాటినీ ఇదే కొలబద్దతో చూడాలి. బీము పొడవు మారదన్నాం. 10.5 కిలోన్యూటన్ల ఒత్తిడికి అది కుదించుకుపోయేది మిల్లీమీటరులో యాభయ్యో వంతు. పిల్లర్లు బరువుకి కురచబడవన్నాం. ఎడమ పిల్లరు మీద బరువు 85.5, కుడి దాని మీద 26.5 కిలోన్యూటన్లు. ఆ తేడాకి ఎడమది కుడిదానికంటే కురచయ్యేది మిల్లీమీటరులో పదో వంతు. 1.4 ముందు ఇవి లెక్కలోకి రావు. పక్కకు జరిగిన బరువు వల్ల కొత్తగా వచ్చే మొమెంటూ 112 ఇంటు 0.0014 మీటర్లు, అంటే 0.16 దాకా మాత్రమే. ఒక అంతస్తు పోర్టికోకి ఈ ఊహలు భేషుగ్గా సరిపోతాయి. చాలా అంతస్తుల సన్నటి భవనంలో ఇవే ఊహలు చెల్లవు. అక్కడ పిల్లర్లు కురచబడటమూ, ఒరిగిన బరువు ఇంకా ఒరిగించడమూ లెక్కలోకి తీసుకోవాలి. పునాది కూడా నిజంగా అంత గట్టిగా బిగుసుకుని ఉండదు. మెత్తటి నేలలో చిన్న ఫుటింగ్ కాస్త తిరిగితే డి దగ్గర 17 తగ్గి, ఆ భారం పైకి, మూలల్లోకి పాకుతుంది.

ఈ పద్ధతి పుట్టిందే ఒరిగే చట్రాల కోసం అని చెప్పొచ్చు. అమెరికాలో ఉక్కు చట్రాలతో ఎత్తైన ఆఫీసు భవనాలు లేస్తున్న రోజుల్లో, 1915లో, ఇల్లినాయ్ విశ్వవిద్యాలయంవారు విల్సన్, మేనీ రాసిన ఒక బులెటిన్ వెలువరించారు. ఆఫీసు భవనాల ఉక్కు చట్రాల మీద గాలి తెచ్చే ఒత్తిళ్లు దాని విషయం. అదే జార్జ్ మేనీ పేరు ఈ పద్ధతికి గట్టిగా అంటుకుంది. అంతస్తుకొక ఒరుగు, అంతస్తుకొక షియర్ సమీకరణం. పది అంతస్తులుంటే అలాంటివి పది, మూలల సమీకరణాలు వాటికి అదనం. చేత్తో సాధించాలంటే ఓపిక చాలదు. 1930లో హార్డీ క్రాస్ ప్రకటించిన మొమెంట్ పంపిణీ పద్ధతి అందుకే అంతగా పాకిపోయింది. ఇవాళ కంప్యూటరు చేసేది మళ్లీ ఈ సమీకరణాలనే పెద్ద పట్టికగా రాసి సాధించడం.

కంప్యూటరు చేసినా ఆ 6.3 మాత్రం పోలేదు. నమూనా గీసేటప్పుడు బీము కొసన పొరపాటున పక్కకు జరగనివ్వని ఆధారం ఒకటి పెడితే చాలు, సాఫ్ట్‌వేర్ నా పాత తప్పునే చక్కటి రంగుల్లో గీసి ఇస్తుంది. మూలలు కుదురుతాయి, బొమ్మ అందంగా ఉంటుంది. కనిపెట్టే దారి ఒక్కటే. పునాదుల దగ్గర అడ్డబలాలను కలిపి, అవి బయటి అడ్డబలంతో చెల్లాయో లేదో చూడాలి. పిల్లరు ఎత్తు మధ్యలో గాలి తగిలే చోట ఇంకో జాగ్రత్త కావాలి. అక్కడ షియర్ కొసల మొమెంట్లనుంచే రాదు. పిల్లరు మీద పడిన గాలిలో తన వంతును కూడా కలపాలి. అది మరిచినా మూలలు కుదిరే ఉంటాయి.

చివరిగా ఎత్తుల సంగతి. పోర్టికో ఏటవాలు నేల మీద ఉందనుకోండి. ఎడమ పిల్లరు 4 మీటర్లు, కుడిది 2 మీటర్లే. బరువూ, బరువు చోటూ, మందాలూ అవే. ఇప్పుడు కుడి పిల్లరుకు 2EI/L రెండింతలు, Δ/L కూడా రెండింతలు. అందుకే దాని వరసలు 4c − 4s, 2c − 4s అవుతాయి. షియర్ సమీకరణంలో ఎడమ మొత్తాన్ని 4తో, కుడి మొత్తాన్ని 2తో భాగించాలి. అలవాటుగా రెండింటినీ కలిపి ఒకే ఎత్తుతో భాగించేవాళ్లు ఇక్కడ దొరికిపోతారు.

```
4b + c − s = 63
b + 6c − 4s = −21
b + 4c − 6s = 0
```

సాధిస్తే b 17.1, c −8.0, s −2.5 దాకా వస్తాయి. s గుర్తు చూడండి. చట్రం ఈసారి ఎడమకి, బరువు ఉన్న వైపుకే ఒరిగింది, 0.4 మిల్లీమీటర్ల మేర. కురచ పిల్లరు ఒరుగుడుకు ఎనిమిదింతలు మొండిది. పైగా ముట్టు ఉందనుకుని లెక్కేస్తే అందులో షియర్ ఎడమ పిల్లరుకంటే ఎక్కువ వస్తుంది కాబట్టి, ముట్టు తీసినప్పుడు తోపు దిశే తిరగబడింది. ఏ అడుగున మొమెంట్ 11 నుంచి 19.6కి పెరిగింది, డి అడుగున 17 నుంచి 6.1కి పడిపోయింది. షియర్లు రెండూ 14.1, ఎదురెదురుగా.